బ్యాటరీ దిగిపోయాక

ఉట్నూరు చుట్టుపక్కల గూడేల్లో పంతుళ్ళుగా పనిచేసే మాకు వేదిక కొత్తేమీ కాదు. జెండా పండుగకు, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి, అధికారి ఎవరైనా వచ్చిన రోజుకు ఎవరో ఒకరం మైకు ముందు నిలబడాల్సిందే. మేము చాలామందిమి కాగితం చూసి చదువుతాం. మాలో భయం ఎక్కువ. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంకో రకం తెలుగు. ఏ మాట ఎక్కడ తప్పు పోతుందో, ఎవరు నవ్వుతారో అని కాగితం రాసుకుంటాం. ఆ కాగితం మాకు గొడుగు లాంటిది. వాన రాకపోయినా వేసుకునే నడుస్తాం.

మాలో చిన్నది ఒక టీచరమ్మ ఉంది. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. చదువుకున్న చోట ఆమె యాసను తోటివాళ్ళు అనుకరించి నవ్వేవారట. అందుకే సభలో నోరు విప్పాలంటే ముందు రాసి, మాకు చూపించి, మళ్ళీ శుభ్రంగా రాసుకునేది.

ఆ ఏడాది ఆగస్టు 9 సభలో ఆమె మాట్లాడవలసి వచ్చింది. కారణం చిన్నది కాదు. ఆమె పనిచేసే బడిలో పిల్లలు పంతొమ్మిది మంది. సంఖ్య తక్కువగా ఉందని ఆ బడిని వాగు అవతలి బడిలో కలిపేస్తారన్న మాట పుట్టింది. అవతలి బడి మూడు కిలోమీటర్లు. విద్యా హక్కు చట్టం 2009 కింద వచ్చిన నియమాల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బడి పిల్లల ఇంటికి కిలోమీటరు నడక దూరంలో ఉండాలి. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలియదు. తెలిసిన మేము చెబితే చాలదు, వాళ్ళు అడగాలి. ఆ రోజు సభకు అధికారి వస్తున్నారు. తల్లిదండ్రులు కూడా వస్తున్నారు. ఇద్దరూ ఒకే చోట కూర్చునే రోజు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు.

ఆమె నాలుగు పేజీలు రాసుకొచ్చింది. అందులో తప్పు ఒక్కటీ లేదు. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దొర గోండు యువకులను పంతుళ్ళుగా తయారుచేయడానికి శిక్షణ కేంద్రం పెట్టించడం, గోండిలో వాచకాలు రావడం, ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు వేయడం, అన్నీ వరుసగా ఉన్నాయి. వాక్యాలు మాత్రం ఇలా ఉన్నాయి: "ప్రాథమిక స్థాయిలో మాతృభాష ద్వారా బోధనాభ్యసన ప్రక్రియను నిర్వహించినట్లయితే విద్యార్థుల అభ్యసన సామర్థ్యాలు గణనీయంగా మెరుగుపడతాయని విద్యావేత్తలు అభిప్రాయపడుతున్నారు." డి.ఎడ్. పరీక్షలో మేమంతా రాసి మార్కులు తెచ్చుకున్న వాక్యమే ఇది.

పొద్దున గాలివాన కొట్టి కరెంటు పోయింది. మైకు సెట్టు అబ్బాయి పన్నెండు వోల్టుల బ్యాటరీ తగిలించి జనం వచ్చేదాకా పాటలు వేశాడు. రెండు హారన్లతో మూడు గంటలు పాటలు వేస్తే బ్యాటరీలో ఏం మిగులుతుంది? అతిథుల ప్రసంగాలు అయ్యాక ఆమె వంతు వచ్చింది.

బ్యాటరీ దిగుతుంటే గుర్తులు ముందే కనిపిస్తాయి. గొంతు పెంచిన చోటల్లా సెట్టు మీది లైటు మసకబారుతుంది, ఎందుకంటే గట్టి మాటకు ఎక్కువ కరెంటు కావాలి. ఆ మాటే ముందు బొంగురుపోతుంది. మెల్లగా అన్న మాట బాగానే వినిపిస్తుంది, దాంతో బాగుందనుకుంటాం. ఆమె రెండో పేజీ చివరికి వచ్చేసరికి అదే జరిగింది. సెట్టు అబ్బాయి ఒక హారన్ తీసేసి, వాల్యూం తగ్గించి ఇంకో నాలుగు వాక్యాలు లాగించాడు. తర్వాత టక్కుమని శబ్దం వచ్చి అంతా ఆగిపోయింది.

ఆమె ఆగలేదు. మైకు లేకుండానే మూడో పేజీ చదవడం మొదలుపెట్టింది. నూట యాభై మందికి పైగా ఉన్న జనంలో వెనకవాళ్ళు "వినబడ్తలేదు, వినబడ్తలేదు" అని అరిచారు. ఆమె ఇంకా గట్టిగా చదివింది. ఇంకా వినపడలేదు.

ఎందుకు వినపడలేదో ముందు వరుసలో కూర్చున్న మాకు తెలుస్తూనే ఉంది. కాగితం చూస్తూ చదివితే తల వంగుతుంది, నోరు నేలకేసి తిరుగుతుంది. మాట జనం మీదికి పోకుండా కాగితం మీదే పడుతుంది. మైకు ఉన్నంతసేపు అది నోటి దగ్గరే ఉంటుంది కాబట్టి ఈ లోపం బయటపడదు. రెండోది ఊపిరి. అంత పొడుగు వాక్యాన్ని గట్టిగా చెప్పాలంటే మధ్యలో రెండుసార్లు గాలి పీల్చాలి. ఎక్కడ పీల్చాలో ఆ వాక్యం చెప్పదు. చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి క్రియాపదం లోపలే ఉండిపోతుంది. తెలుగులోనైనా గోండిలోనైనా అసలు సంగతి చివరి మాటలోనే కదా ఉండేది! మూడోది గాలి. పడమటి గాలి వీస్తోంది. వేదిక తూర్పున ఉంది. ఆమె మాటను గాలి వెనక్కి తోసేస్తోంది.

అప్పుడు జనం మధ్యలోంచి ఆ గూడెం పట్లా లేచాడు. ముసలాయన. గోండిలోనే అన్నాడు: "బిడ్డా, దిగి ఇటు రా. బడి అరుగు మీద నిలబడు. మేమే అటు తిరుగుతాం."

బడి పడమటి వైపు ఉంది. అరుగు మీద నిలబడితే వెనక గోడ ఉంటుంది, గోడ తగిలి మాట ముందుకే వస్తుంది. గాలి కూడా ఆమె వైపు నుంచి జనం మీదికి వీస్తుంది. పొలంలో అవతలి గట్టు మీదివాళ్ళను పిలిచే మనిషికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. జనం చాపలు, చెప్పులు పట్టుకుని అటు తిరిగి, అరుగు చుట్టూ చంద్రవంకలా దగ్గరగా కూర్చున్నారు. చివరి వరుసకు, ఆమెకు మధ్య ఇరవై ఐదు అడుగులు కూడా లేవు. అధికారి కుర్చీని కూడా ఎవరో మోసుకొచ్చి పక్కన వేశారు.

ఆమె అరుగెక్కి కాగితాలు తెరిచింది. పట్లా ముఖం చూసింది. ఆయనకు తెలుగు సగమే వస్తుంది. కాగితాలు మడిచి కొంగులో దోపుకుంది.

"ఉండి" అంటూ గోండిలో మొదలుపెట్టి ఒక వేలు చూపింది. ఉండి అంటే మాకు ఒకటి. "ఒకటో తరగతిలో చేరిన పిల్లాణ్ని పంతులు తెలుగులో రండి అని పిలిచాడు. పిల్లాడికి రండ్ అన్నట్టు వినపడింది. రండు వేళ్ళు చూపించి కూర్చున్నాడు. పంతులు కోప్పడ్డాడు. పిల్లాడు మర్నాడు బడికి రాలేదు. ఆ పిల్లాడు ఎవరింట్లో ఉన్నాడు?" జనం నవ్వారు. తర్వాత ఒకామె చెయ్యెత్తి "మా ఇంట్లోనే" అంది. రండ్ అంటే రెండు అని మా భాష తెలియని పంతులుకు ఎలా తెలుస్తుంది? అధికారికి ఆమె ఆ సంగతిని తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పింది.

"రండ్" అని రెండో వేలు తెరిచింది. మార్లవాయి పేరు ఎత్తింది. అక్కడున్న ముసలివాళ్ళలో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. మన పిల్లలకు మన మనుషులే చదువు చెప్పగలరని మన తాతల కాలంలోనే చేసి చూపించారని చెప్పింది. కాగితంలో పేజీన్నర పట్టిన సంగతి నాలుగు మాటల్లో అయిపోయింది. వింటున్నవాళ్ళు ఊఁ కొడుతుంటే ఆమె ఆగుతోంది. ఆ ఊఁ వెనక వరుస నుంచి వచ్చాకే తర్వాతి మాట అంటోంది.

"మూండ్." మూడో వేలు. "వాగు పొంగితే మన పిల్లలు ఎటు పోతారు?" అంది. దూరం గురించిన నియమం చెప్పింది. కిలోమీటరు అంటే ఇక్కడి నుంచి ఫలానా ఇప్పచెట్టు దాకా అని చెయ్యి చూపించింది. "అది దాటి నడవమనకూడదని రాసి ఉంది. మనం అడిగితేనే అది చదువుతారు" అంది. అక్కడితో ఆపింది.

అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు. పట్లా లేచి, వాగులో నీళ్ళు ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉంటాయో అధికారికి చెప్పాడు. ఇద్దరు తల్లులు మాట్లాడారు. కోలాం ఆడవాళ్ళు కూడా గోండిలోనే కలుగజేసుకున్నారు. ఆమె ఒక్కో మాటను తెలుగులోకి మార్చి చెబుతుంటే అధికారి రాసుకున్నారు. ఆ ఏడాది బడి కదల్లేదు. ఆ ప్రసంగం వల్లే అని మేము చెప్పలేం, తర్వాత అర్జీలు పెట్టాం, తిరిగాం కూడా. కానీ అర్జీ మీద వేలిముద్రలు వేసినవాళ్ళంతా ఆ రోజు అరుగు ముందు ఊఁ కొట్టినవాళ్ళే.

ఆమె కాగితాలు వృథా పోలేదన్నది మా అభిప్రాయం. నాలుగు పేజీలు రాసింది కాబట్టే సంవత్సరం, దూరం, పేరు నోట్లో తడబడలేదు. రాయకుండా లేచి ఉంటే రండి, రండ్ దగ్గరే నవ్వులతో ముగిసేది. రాసుకోవడం సంగతులను సిద్ధం చేసింది. వినిపించడం వేరే పని.

ఇప్పుడు మా కాంప్లెక్స్ సమావేశాల్లో ఎవరైనా సభలో మాట్లాడాలంటే ముందు రాస్తారు. తర్వాత దాన్ని అరచేయంత అట్టముక్క మీద ఐదు మాటలకు కుదిస్తారు. సంవత్సరాలు, అంకెలు ఉంటే అవి కూడా ఆ అట్ట మీదే ఉంటాయి. అప్పుడు ఒకరు ముప్పై అడుగుల దూరంలో నిలబడతారు, మాట్లాడేవాళ్ళు మైకు లేకుండా వాళ్ళకు చెప్పాలి. రెండో ఊపిరి అవసరమైన ప్రతి వాక్యాన్నీ విరగ్గొడతాం. అరిస్తే ఆపిస్తాం, ఎందుకంటే అరిచిన గొంతు సన్నబడి పది నిమిషాల్లో బొంగురుపోతుంది. గొంతు కొంచెం దించి, తల ఎత్తి, నిదానంగా చెబితే అరగంట నిలుస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. రేకుల కప్పు కింద వాన పడుతుంటే ఎవరి గొంతూ చాలదు, వాన ఆగేదాకా ఆగాల్సిందే. రెండు మూడు వందల మంది దాటితే మైకు కావాల్సిందే. అందుకే సెట్టు అబ్బాయికి కూడా ఒక మాట చెప్పి ఉంచాం: కరెంటు లేని రోజు పాటలు వద్దు, బ్యాటరీ మాటలకు ఉంచు.