పెద్దమ్మ గది శబ్దం

పొంగలుకు మనం వినిపించిన నాటకంలో అవ్వ, మనవడు మాట్లాడుకునే దృశ్యం ఎలా చేశారని కొందరు అడిగారు. రాస్తున్నాం. తమిళంలో చదువుకున్నవాళ్లం, తప్పులుంటే మన్నించండి.

అవ్వ మాటలు చెప్పిన పెద్దమ్మను ఆమె గదిలోనే, మంచం మీద కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేశాం. రెండు నెలలకే ఆమె కన్నుమూశారు. ఇక ఆ మాటలు మళ్లీ చెప్పించుకోలేం.

ఉన్న రికార్డులో దగ్గులూ తడబాట్లూ కత్తిరించాం. హెడ్‌ఫోను పెట్టుకుని వింటే కత్తిరించిన ప్రతిచోటా గొయ్యి పడినట్టుంది. ఏ గదీ పూర్తి నిశ్శబ్దంగా ఉండదు. ఫ్యాను గాలి, వీధి హోరు కలిసి గదికి ఒక శబ్దం ఉంటుంది. దాన్ని రూమ్ టోన్ అంటారు. మాట ఆగినా అది ఆగకూడదు. అందుకే తెలిసినవాళ్లు మాటలయ్యాక అందరినీ కదలకుండా ఉండమని, మైకు అదే చోట ఉంచి, ఒక నిమిషం వట్టి గదిని రికార్డు చేస్తారు. మేము చేయలేదు.

మళ్లీ ఆ ఇంటికి పోయాం. మంచం, పరుపు, బట్టల మూటలు తీసేశారు. శబ్దాన్ని పీల్చుకునేవి పోయాక గోడలు మోగుతున్నాయి. అదే ఫ్యాను తిరిగినా వేరే గదిలా వినిపించింది.

చివరికి పాత రికార్డులోనే దొరికింది. "మొదలుపెట్టు పెద్దమ్మా" అన్నాక, ఆమె మాట్లాడేలోగా 9 సెకన్లు ఉంది. అందులో ఒకసారి బల్లి పలికింది. అలాగే వాడితే అతికించిన ప్రతిచోటా అదే బల్లి పలుకుతుంది. ఆ ముక్క తీసేస్తే 6 సెకన్లు మిగిలింది. దాన్ని గొయ్యిల్లో మాత్రం నింపాం. మాటల కింద ఆ శబ్దం ఎలాగూ ఉంది, ఇంకోటి పరిస్తే హోరు పెరుగుతుంది. అతుకు దగ్గర ఒకటి తగ్గుతుండగా ఇంకొకటి పెరిగేలా కలిపాం.

దానిపైన దూరంగా గూడ్సు బండి, వీధిలో కుక్క, అంతే. బండి శబ్దాన్ని ఊరికే తగ్గిస్తే దూరం రాలేదు, ఎవరో రేడియో తగ్గించినట్టుంది. రైల్వే క్వార్టర్సులో ఉన్నవాళ్లకు తెలుసు, దూరపు బండిలో గణగణ ఉండదు, దడదడే ఉంటుంది. పదును శబ్దాలు తీసేశాక కుదిరింది. కూత మొదట పెద్దమ్మ మాట మీద పడింది, మాట అయ్యాకకు జరిపాం.

అవ్వ లోటా కింద పెట్టే చప్పుడు సంఘం హాలులో తీస్తే హాలంతా మోగింది. దుప్పటి కప్పుకుని, మైకు దగ్గరగా పెట్టి, గచ్చు రాయి మీద మళ్లీ తీశాం.

నాటకం విని పెద్దమ్మ కూతురు, "అన్నా, అది మా అమ్మ గది ఫ్యానే కదా" అంది.

ఇంట్లో పెద్దవాళ్ల మాటలు ఫోనులో పట్టుకునేవాళ్లు, మాటలయ్యాక వెంటనే ఆపకండి. ఒక నిమిషం ఆ గదిని కూడా పట్టండి.