బీప్ పడిన పేరు

మొన్న మా డిగ్రీ సెకండియర్ అమ్మాయి ఒకామె తను చేసిన షార్ట్ చూపించింది. యాభై ఎనిమిది సెకన్లు. మిర్యాలగూడ ప్రణయ్ గురించి. జోగిపేటలో వాళ్ళింటి మిద్దె మీద నిలబడి తీసుకుంది. వెలుతురు బాగుంది, గొంతు బాగుంది. కానీ మూడుచోట్ల "బీప్" మని మోగింది. మొదటి బీప్ "హత్య" మీద పడింది. రెండోది "చంపారు" మీద. మూడోది ఎక్కడ పడిందో నాకు వెంటనే అర్థం కాలేదు, మళ్ళీ పెట్టించి విన్నాను. "నేను ఒక మాదిగ అమ్మాయిగా చెప్తున్నా" అనే వాక్యంలో కులం పేరు మీద పడింది. కింద స్క్రీన్ మీద అక్షరాల్లో కూడా "మా*గ" అని చుక్క పెట్టింది.

వాళ్ళమ్మ చదువుకోలేదు. వీడియో విని, "ఏందే, అండ్ల ఎవర్ని తిట్టినవ్?" అని అడిగిందట.

నేను ఇవాళ్టి పోస్టు ఆ ప్రశ్న మీదే రాస్తున్నాను. మన ఊళ్ళో, మన టీవీల్లో, సినిమాల్లో బీప్ అంటే బూతు. అది విన్న తల్లికి తన కులం పేరు బూతులాగే వినపడింది. ఆ పిల్ల తప్పేం లేదు. ఎవరో చెప్పారు, చేసింది. ఎవరు చెప్పారని అడిగితే, "మా బావ చెప్పిండు సార్, ఈ మాటలుంటే పైసలు రావట, చానల్ పోతదట" అంది. చానల్‌కి ఎంతమంది ఉన్నారంటే ఆరు వందల చిల్లర.

ఇక్కడ కొంచెం లెక్క తెలియాలి. షార్ట్స్ మీద ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దానితోపాటు తొంభై రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి, లేదా పెద్ద వీడియోలకు ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. అంటే ఈ పిల్ల ఇంకా రాని డబ్బు పోతుందని తన పేరు తానే కొట్టేసుకుంది. చెప్పగానే తనే నవ్వింది. నాకు మాత్రం నవ్వు పూర్తిగా రాలేదు.

బావ భయం ఉత్త భయం కాదు, అతనికి నిజంగానే దెబ్బ తగిలింది. అయితే అతను రెండు వేర్వేరు శిక్షల్ని ఒకటి చేసి చెప్పాడు. ఒకటి నియమాల శిక్ష: వీడియో తీసేయడం. యూట్యూబ్ మామూలుగా మొదటిసారి హెచ్చరిస్తుంది, తర్వాత స్ట్రైక్ వేసి వారం పాటు ఏమీ పెట్టనివ్వదు, తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానలే పోతుంది. రెండోది డబ్బు శిక్ష: వీడియో ఉంటుంది, అందరూ చూడొచ్చు, కానీ స్టూడియోలో పచ్చ డాలర్ బదులు పసుపు డాలర్ గుర్తు వస్తుంది. షార్ట్స్‌లో ప్రకటన నీ వీడియోకే అంటుకుని రాదు, ఒక వీడియోకి మరో వీడియోకి మధ్య వస్తుంది. ఆ డబ్బంతా ఒక కుప్పలో పడుతుంది. వ్యూస్‌ని బట్టి నీ పేరు మీదికి ఎంత వస్తుందో లెక్కగట్టి, అందులో నలభై ఐదు శాతం నీకిస్తారు. ప్రకటనలకు పనికిరాదన్న షార్ట్ వ్యూస్ ఆ లెక్కలోకి రావు. అంతే. ఆ పసుపు గుర్తు చూసి "చానల్ పోతది" అనుకోవాల్సిన పని లేదు. పొట్ట గడవడానికి చానల్ నడిపేవాళ్ళకు అది చిన్న విషయం కాదని మాత్రం ఒప్పుకుంటాను.

బావని ఫోన్లో అడిగాను. అతనికి పసుపు గుర్తు పడిన వీడియో కూడా ప్రణయ్ మీదే. అందులో "హత్య" అన్న మాట ఉంది నిజమే. దానితోపాటు ఆస్పత్రి ముందు సీసీ కెమెరాలో పడిన ఆ దృశ్యం కూడా ఉంది. దాన్నే ఆపి, ఎర్ర గుండ్రం చుట్టి, థంబ్‌నెయిల్ చేశాడు. యూట్యూబ్ తన ప్రకటనల నియమాల్లో రాసుకున్నది చూస్తే, వీడియోతోపాటు టైటిల్, థంబ్‌నెయిల్, వివరణ, ట్యాగులు అన్నీ పరిశీలనలోకి వస్తాయి. నెత్తురు, దెబ్బ తగిలే క్షణం, శవం, వీటిని చూపించడం దగ్గర గట్టిగా పట్టుకుంటుంది. విషయాన్ని వార్తగా, చదువుగా చెప్పినప్పుడు కొంత సడలింపు ఉంటుంది. అతను ఆ దృశ్యం తీసేసి, "హత్య" మాట ఉంచి, మళ్ళీ పెట్టాడు. పచ్చ గుర్తే ఉంది. ఒక్క వీడియోతో సూత్రం కట్టలేం. మిషన్ రేపు ఇంకోలా చూడొచ్చు. కానీ మాటకు చుక్క పెట్టే ముందు బొమ్మ వైపు చూడాలన్నది మాత్రం తేలింది. నా మటుకు నాకు, ఆ దృశ్యం డబ్బులు వచ్చినా పెట్టకూడదు. ఆ బిడ్డ చావును ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూపిస్తారు?

ఇక భాష. ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

ఆ పిల్ల బీప్‌లు తీసేసి రెండో రాత ప్రతి తెచ్చింది. మొదటి వాక్యం ఇలా ఉంది: "2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఒక విషాద ఘటన జరిగింది. ప్రణయ్ మనకు దూరమయ్యాడు." ఒక్క ప్రమాదకరమైన మాట లేదు. ఒక్క నిజమూ లేదు. దూరమవడం అంటే దుబాయ్ పోయినా దూరమవడమే. "నరికినోడు ఈ వాక్యంలో ఎక్కడున్నాడమ్మా?" అని అడిగాను. వెతికింది. లేడు.

మన భాషలో ఈ రెండు క్రియలు పక్కపక్కనే ఉంటాయి: చచ్చు, చంపు. మొదటిదానికి చచ్చినవాడు ఒక్కడే చాలు. రెండోదానికి చంపినవాడు కావాలి. అలాగే "ప్రాణం పోయింది", "ప్రాణం తీశాడు". రెంటిలోనూ హత్య అనే నామవాచకం లేదు, నెత్తురు లేదు. కానీ రెండో వాక్యంలో కర్త ఉన్నాడు. కాబట్టి నేను ఆ పిల్లకి చెప్పింది ఇదొక్కటే: నామవాచకం వదులుకో, కర్తను వదులుకోకు. "దారుణంగా", "కిరాతకంగా", "నెత్తుటి మడుగులో", ఇవన్నీ పోతే పోనీ. ఎవరు, ఎవర్ని, ఎందుకు చేశారన్నది పోకూడదు.

"పరువు హత్య" అన్న మాటను కూడా కొట్టేయించాను, కానీ మిషన్ భయంతో కాదు. ఆ మాటలో చంపినవాడి వాదన ఉంది, వాడికేదో పరువు ఉన్నట్టు, అది పోయినట్టు. కుల దురహంకార హత్య అని మనవాళ్ళు ఊరికే అనడం లేదు. షార్ట్‌లో అంత పొడుగు మాట పట్టదనుకుంటే, కులం కోసం చంపారు అంటే సరిపోతుంది.

చివరికి ఇద్దరం కూర్చుని రాసింది ఇది:

"ప్రణయ్ దళితుడు. అమృతది వైశ్య కుటుంబం. ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. 2018 సెప్టెంబర్ 14న, గర్భవతి అయిన భార్యతో మిర్యాలగూడలో ఆస్పత్రి నుంచి బయటికి వస్తుంటే, డబ్బు మాట్లాడుకుని వచ్చిన మనిషి వెనక నుంచి ప్రణయ్ ప్రాణం తీశాడు. ఆ డబ్బు మాట్లాడింది అమృత తండ్రి అని పోలీసులు కేసు పెట్టారు. తీర్పు రాకముందే, 2020 మార్చిలో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు దీన్ని హత్యగా తేల్చి, ప్రాణం తీసినవాడికి ఉరిశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం వేసింది."

చూడండి, "హత్య" ఉంది. బీప్ లేదు, చుక్క లేదు. టైటిల్‌లో కాకుండా చివర్లో, కోర్టుతో కలిపి వచ్చింది. అప్పటికే సంగతి అంతా చెప్పాం కాబట్టి అది రెచ్చగొట్టే మాటగా కాక తీర్పులో మాటగా ఉంటుంది. టైటిల్ "మిర్యాలగూడ తీర్పు: ఎవరికి ఏ శిక్ష?" అని పెట్టాం. ఇంకో సంగతి కూడా గమనించండి. అమృత తండ్రి "చంపించాడు" అని మేం రాయలేదు. ఆయన మీద తీర్పు రాలేదు కాబట్టి "పోలీసులు కేసు పెట్టారు" అన్నాం. కర్తను నిలబెట్టమన్నానంటే రుజువు ఉన్నంత మేరకే నిలబెట్టమని. వాళ్ళ నాన్న పాశమైలారంలో షిఫ్టుకి పోతాడు. 2025 జూన్ 30న అక్కడి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభై మందికి పైగా పోయారు. దాని మీద కూడా చేస్తానంది. "హత్యలు" అని అరవకు, "దురదృష్టం" అని మింగకు, ఏ యంత్రం, ఎవరి కాపలా, ఎవరు తనిఖీ చేయాలి, అవి తెలుసుకుని ఆ వాక్యాలు రాయి అన్నాను. ఇంకా రాస్తోంది.

ఆత్మహత్య సంగతి వేరు. అక్కడ మాటకన్నా వివరం ప్రమాదం. ఎలా చేసుకున్నారన్నది చెప్పొద్దని నియమమే కాదు, ఆ స్థితిలో ఉన్న పిల్లలు మన ఫాలోవర్లలోనే ఉంటారు. రోహిత్ వేముల గురించి చెప్పేటప్పుడు సస్పెన్షన్ గురించి, ఆగిన ఫెలోషిప్ గురించి, హాస్టల్ నుంచి బయటికి పంపడం గురించి ఎంతసేపైనా చెప్పండి. ఆ గది గురించి వద్దు. మన పత్రికలు యూట్యూబ్ పుట్టకముందు నుంచే "బలవన్మరణం" అని రాస్తున్నాయి. నాకు ఆ మాట పెద్దగా ఇష్టం ఉండేది కాదు. ఈ మధ్య చూస్తే ఆ బలవంతం ఎవరిది అని అడిగే వీలు అందులో ఉన్నట్టు అనిపిస్తోంది.

ఇక మూడో బీప్.

యూట్యూబ్ ద్వేషపూరిత మాటల నియమంలో రక్షణ ఉన్న గుర్తింపుల జాబితా ఒకటుంది. అందులో కులం కూడా ఉంది. అంటే కులాన్ని బట్టి ఒకరిని కించపరిస్తే తప్పు. కులం పేరు చెప్పుకోవడం తప్పు కాదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, మనల్ని తిట్టిన తిట్టును మనం యథాతథంగా చెప్పినప్పుడు. దాన్ని ఖండించడానికే చెప్పామని మిషన్‌కి ప్రతిసారీ తెలియదు. దానికి మనకు చట్టమే దారి చూపింది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఎస్)లో నేరం పేరే "అందరికీ కనిపించే చోట కులం పేరుతో దూషించడం". కాబట్టి "నలుగురిలో కులం పేరు పెట్టి తిట్టాడు" అంటే వినేవాడికి పూర్తిగా అర్థమవుతుంది, తిట్టు మళ్ళీ మన నోట పలకనక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం అన్న మాట అన్నట్టే రాయించాలి. అక్కడ మొహమాటపడితే కేసు పలచబడుతుంది. షార్ట్ వేరు, ఫిర్యాదు వేరు.

ఒకవేళ పేరు చెప్పుకున్నందుకే వీడియో తీసేస్తే? అప్పీలు చేయాలి. చానల్‌లో పేరూ వివరణా ఉండాలి, వీడియో కింద ఇది దేని గురించో రెండు వాక్యాలు ఉండాలి, అవి అప్పుడు పనికొస్తాయి. గెలుస్తామన్న హామీ లేదు. ఓడితే ఆ వీడియో పోతుంది, హెచ్చరికో స్ట్రైకో అలాగే ఉంటుంది. ఆ మాత్రం పోగొట్టుకోవచ్చు అని నా లెక్క. చుక్క పెడితే వచ్చే నష్టం అంతకన్నా పెద్దది. "మాదిగ" అని వెతికేవాడికి "మా*గ" దొరకదు, చదవలేని తల్లికి బీప్ తప్ప ఏమీ వినపడదు.

1917లో బెజవాడలో పంచములం కాదు ఆది ఆంధ్రులం అని సభ పెట్టి పేరు మార్చుకున్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు ఆ పేరునే ఇంటిపేరులా వెనక తగిలించుకున్నారు. 2025 ఏప్రిల్ 14న వర్గీకరణ చట్టం గెజెట్‌లో అదే పేరు అచ్చయింది. ఇదంతా ఆ పిల్లకి చెప్పాను. తను వింటూ ఫోన్లో ఏదో చేస్తోంది. పాఠం ఎక్కువైందేమో అనుకున్నాను.

మళ్ళీ రికార్డు చేస్తోంది. మిద్దె మీద కాదు, నా స్టాఫ్ రూమ్ కిటికీ పక్కన. బయట బస్సు హారన్ పడింది, అయినా ఆపలేదు. సాయంత్రం వాళ్ళమ్మకి వినిపించిందట. ఈసారి ఆమె, "నాయిన పేరు గూడ చెప్పకపోతివి" అందట.