మలక్‌పేటలో మొదటి హఫ్తా



నలభై దాటిన ఉమర్‌లో ఊరు మారాను. కర్నూల్లో నేను పనిచేసే డెస్క్‌ను హైదరాబాద్‌లో కలిపేశారు. నౌకరీ కావాలంటే నేనూ దాని వెనకాలే రావాల్సొచ్చింది. మా బేగం అక్కడ సర్కారీ ఉర్దూ మీడియం స్కూల్లో టీచర్. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఆమె నౌకరీ తుంగభద్రకు అవతలి ఒడ్డునే ఉండిపోయింది. బదిలీ అడగడానికి లేదు. బిటియా పదో తరగతి. అమ్మీ అయితే అబ్బాజాన్ ఖబర్ ఉన్న ఊరు వదలనంది. కాబట్టి నేనొక్కణ్ణే వచ్చాను. రాత్రుళ్ళు నిద్ర పట్టక రాసుకున్న నాలుగు ముక్కలివి.

ఇత్వార్

కిరాయి గది కోసం ముందు చైతన్యపురి వైపు తిరిగాను. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ఒకాయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "మీ తెలుగు చాలా బాగుందండీ, మాస్టారా?" అన్నాడు. తెలుగులో డిగ్రీ చేశానని చెప్పా. అడ్వాన్స్ దాకా మాట వచ్చాక పేరు అడిగాడు. చెప్పా. ఒక నిమిషం గమ్మున ఉండి, "మా బంధువులెవరో అడిగారంట, మా ఆవిడ ఇప్పుడే చెప్తోంది" అన్నాడు. ఆయన తిట్టలేదు, కసరలేదు. నా తెలుగు బాగుండటమే నాకు ఆ రోజు నుక్సాన్ చేసిందనిపించింది. మొదటే పేరు చెప్పి ఉంటే పది నిమిషాలు మిగిలేవి.

సాయంత్రానికి అక్బర్‌బాగ్ గల్లీలో మూడో అంతస్తులో రెండు గదులు దొరికాయి. మకాన్‌దారిణి అరవై దాటిన ఖాలా. నా ఉర్దూ విని "ఆప్ ఆంధ్రా కే హై క్యా?" అని అడిగింది. అక్కడ నా పేరు అడ్డం వచ్చింది, ఇక్కడ నా యాస. అయినా ఖాలా తాళం చెవి చేతిలో పెట్టింది. "పంప్ పర్సోంచ్ బనాయే" అంది. మా ఇంట్లో పర్సోం అంటే మొన్న. ఇక్కడ పర్సోం అంటే మొన్న కావచ్చు, పోయిన రంజాన్ కావచ్చు. అది తర్వాత తెలిసింది.

పీర్

పొద్దున ఎనిమిదికి లేచి నల్లా తిప్పితే గాలి వచ్చింది. నీళ్ళు తెల్లవారుజామున వచ్చి పోయాయట. రోజు విడిచి రోజు వస్తాయి, గంటసేపు ఉంటాయి. ఆ గంటలో సంప్ నిండాలి, సంప్ నుంచి మోటార్‌తో పై ట్యాంక్‌కు ఎక్కించాలి. ఆ మోటార్ పర్సోం బాగు చేయించిందే, మళ్ళీ కూర్చుంది. ఖాలా బిందెడు నీళ్ళిచ్చింది. దాంతోనే వుజూ, దాంతోనే మొహం. గుసుల్ వాయిదా.

ఆఫీసుకు మెట్రోలో పోయాను. మలక్‌పేట తర్వాత ఎంజీబీఎస్. తలుపులు తెరుచుకోగానే దిగి కర్నూలు బస్సెక్కేద్దామనిపించింది, వల్లాహ్. తలుపులు మూసుకున్నాయి. తొమ్మిదో స్టేషన్ పంజాగుట్ట.

డెస్క్‌లో అందరూ మంచోళ్ళే. కానీ టీకి పోయేటప్పుడు ఎవరి జట్టు వాళ్ళకుంది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మననూ లేదు. పేజీలు వదిలేసరికి రాత్రి ఒంటిగంట. అప్పటికి మెట్రో లేదు. ఎల్‌బీ నగర్ పోయే ఒక సబ్‌ఎడిటర్ తన బండి మీద చాదర్‌ఘాట్ వంతెన దాటించి నల్గొండ క్రాస్‌రోడ్స్ దగ్గర దింపాడు. దారంతా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మంగల్

కిరాణా దుకాణంలో తెలుగు అతను ఉన్నాడు కదా అని తెలుగులో అడిగా, "అరకిలో ఎర్రగడ్డలు ఇయ్యన్నా" అని. అతను తల ఎత్తకుండానే, "ఎర్రగడ్డనా? మెట్రో ఎక్కుండ్రి, అమీర్‌పేట దాటినంక వస్తది" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. మా సీమలో ఉల్లిని ఎర్రగడ్డ అంటాం, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటాం. ఇక్కడ ఎర్రగడ్డ ఒక మొహల్లా, అక్కడి దవాఖానా పేరు చెప్పి జనం ఒకరినొకరు ఆట పట్టిస్తారు. ఇక్కడి మాట ఉల్లిగడ్డ. నేను డిగ్రీలో చదివిన మాట ఉల్లిపాయ. మూడు మాటలూ వదిలి "ప్యాజ్" అన్నా, తూచి ఇచ్చాడు. బొరుగులు అడిగితే మళ్ళీ అదే తంతు. "ముర్‌మురే" అనగానే డబ్బా దించాడు. పాతికేళ్ళుగా తెలుగు రాసి బతికే నాకు, తెలుగువాడి దుకాణంలో ఉర్దూ పనికొచ్చింది.

రాత్రి బిటియాకు ఫోన్‌లో చెబితే పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు అయిపోయాక ఇద్దరికీ మాటలు దొరకలేదు. "పెట్టేయ్ అబ్బా, చదువుకోవాలి" అంది.

చార్‌షంబా

డ్యూటీ నుంచి వచ్చి పడుకోలేదు. పడుకుంటే మళ్ళీ నీళ్ళు పోతాయి. ఫజర్‌కు ముందు మెట్ల దగ్గర కూర్చుంటే సంప్ పైపులోంచి మొదట గాలి బుసకొట్టింది, తర్వాత గుడగుడ. పరిగెత్తి కింది నల్లా కింద బిందె పెట్టా. ఎర్రటి నీళ్ళు. ఖాలా కిటికీలోంచి కేకేసింది, "పహ్‌లే కా పానీ నక్కో బాబా, ఛోడ్ దో!" అని. నీళ్ళు ఆగిన పైపులో తుప్పూ మట్టీ కిందికి దిగి ఉంటాయి, కొత్త నీళ్ళు వాటిని ముందు తోసుకొస్తాయి. నాలుగైదు నిమిషాలు బకెట్‌లోకి వదిలి దాన్ని కడుగుళ్ళకు ఉంచుకోవాలి. గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూసి, అడుగు కనబడ్డాక తాగే బిందె పెట్టాలి. నా తొందరతో మొదటి బిందె ఖరాబ్. రెండోది బాగుంది.

ఈ నీళ్ళు ఎక్కడివని అడిగితే "క్రిష్ణా కా" అంది ఖాలా. నాకు జిల్లా వార్తలు రాసిన రోజులు గుర్తొచ్చాయి. మా కర్నూలు పక్కనుంచి పారే తుంగభద్ర సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్ళు శ్రీశైలం దాటి నాగార్జునసాగర్‌కు పోతాయి. అక్కడి నుంచి ఎత్తిపోసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, పైపుల్లో సాహెబ్‌నగర్‌కు తెచ్చి ఈ తూర్పు మొహల్లాలకు వదులుతారు. నేను బస్సులో అయిదారు గంటల్లో వచ్చేశాను. నీళ్ళు ఇంత చుట్టు తిరిగి వచ్చాయి. ఆ బిందె ముందు కాసేపు కూర్చున్నా. పాగల్‌పన్ అనుకున్నా పర్వాలేదు.

జుమేరాత్

నిద్ర పట్టక పొద్దున్నే గంజ్‌కు నడిచా. మలక్‌పేట గంజ్ అంటే మిర్చి ఘాటు, ఉల్లి వాసన, హమాలీల కేకలు. లారీల వరసలో ఒక పాత లారీ మీద ఏపీ 21 అని నంబర్ కనపడింది. మా జిల్లా పాత నంబర్ అది. దాని పక్కన బస్తాల మీద పడుకున్న ఒక పెద్దాయన లేచి, "యాడిదన్నా మీది?" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత నా చెవికి ఊరు తగిలింది.

"కర్నూలే సామీ" అన్నా. పక్కన జాగా ఇచ్చాడు. నలుగురైదుగురు రైతులు కలిసి ఒక లారీ మాట్లాడుకుని రాత్రంతా ప్రయాణం చేసి వచ్చారట. కిరాయి, హమాలీ, కమిషన్ పోగా ఏం మిగులుతుందో వేలం అయ్యాకే తెలుస్తుంది. గడ్డ తడిసింటే ధర సగానికి పడుతుందని ఆయన భయం. ఒక గడ్డ తీసి మెడ దగ్గర నొక్కి చూపించాడు. "ఇక్కడ మెత్తగుంటే లోపల కుళ్ళు మొదలైనట్టే. పైకి మాత్రం బాగనే కనపడ్తాది."

అయిదు కిలోలు కొంటానంటే వద్దన్నాడు. "వానల్లో పీకిన గడ్డ ఇది, పొర పల్చన, నిల్వుండదు. వారానికి సరిపడా తీసుకో. నెలకు కావాలంటే మహారాష్ట్ర గడ్డ కొను, అది ఎండాకాలం పంట, ఆరబెట్టి దాచింటారు." తన సరుకు అమ్ముకోవడానికి రాత్రంతా మేలుకొని వచ్చిన మనిషి నాకీ మాట చెప్పాడు. కిలోకు పైగానే సంచిలో వేసి పైసలు తీసుకోలేదు. "ఒక్కడివే ఉండావు, వండుకో పో" అన్నాడు. నేను ఒక్కణ్ణే ఉన్నానని ఆయనకు నేను చెప్పలేదు.

జుమా

నీళ్ళు ఈసారి సరిగ్గా పట్టా. మొదటి బకెట్ వదిలి, గ్లాసు చూసి, రెండు బిందెలు. తర్వాత ఉగ్గాని చేశా. బొరుగులు నీళ్ళలో వేసి చేత్తో ఒకసారి ముంచి వెంటనే పిండాలి. లోపల కొంచెం కరకర మిగలాలి. నేను ఆలోచనలో పడి నిమిషం పైన ఉంచా, మొదటి విడత గంజిలాగా అయింది. రెండో విడత కుదిరింది. ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, పసుపుతో పోపు వేసి, పిండిన బొరుగులు కలిపి, దించాక పుట్నాల పొడి, నిమ్మరసం.

ఒక ప్లేట్ కింద ఖాలాకు ఇచ్చా. "యే పోహా హై?" అంది. కాదని చెప్పా. తిని, ఇంకొంచెం ఉందా అంది. మధ్యాహ్నం జుమా నమాజ్ నుంచి వచ్చేసరికి నా తలుపు ముందు మూత పెట్టిన గిన్నె ఉంది. ఖట్టీ దాల్, ఇంకా వేడిగానే.

హఫ్తా

ఇక్కడ శనివారాన్ని కూడా హఫ్తా అనే అంటారు. వారం అయిందని వేరే లెక్క పెట్టుకోనక్కర్లేదు.

రాత్రి ఎల్‌బీ నగర్ సబ్‌ఎడిటర్ బండి స్టార్ట్ చేస్తూ "ఎటు?" అన్నాడు. "ఇంటికే" అన్నా. అన్నాక గుండెలో ఏదో చివుక్కుమంది. ఇల్లు తుంగభద్ర ఒడ్డున ఉంది, ఇక్కడిది గది. దారిలో ఆయనకు ఎర్రగడ్డ కథ చెప్పా. మూసీ దాటేదాకా నవ్వాడు. ఆయనది సూర్యాపేట అట. వచ్చిన కొత్తలో తన మాటకూ డెస్క్‌లో నవ్వేవాళ్ళని చెప్పాడు. రేపు టీకి తనతో రమ్మన్నాడు.

గదికొచ్చి లెక్క వేశా. నా వీక్లీ ఆఫ్ మంగల్. పీర్ రాత్రి డ్యూటీ దిగి ఎంజీబీఎస్‌లో బస్సెక్కితే పొద్దున బిటియా స్కూలుకు పోయే ముందు చేరొచ్చు. ఒక పగలు, సగం రాత్రి దొరుకుతాయి. ఎన్ని వారాలు ఇలా అని బేగం అడిగింది. పదో తరగతి అయ్యేదాకా అన్నా. ఆ తర్వాత ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు. తెలియదనే విషయం ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకోలేదు.

ఒక చిక్కు మిగిలింది. మంగల్ తెల్లవారితే నీళ్ళ రోజు. ఖాలాతో చెబితే, "బిందెలు నా గుమ్మం ముందు పెట్టి పో బాబా, పట్టి ఉంచుతా" అంది. "మొదటి నీళ్ళు వదిలేయాలి ఖాలా" అన్నా. నా మొహంలోకి చూసి నవ్వింది.