సీసా మీది చిన్న అక్షరాలు

మా హాస్టల్ మందుల పెట్టెలో జ్వరం సిరప్ సీసాలు రెండు ఉండేవి. రెండూ పారాసెటమాలే, రెండూ 60 మి.లీ. సీసాలే. ఆ 60 అన్నది సీసాలో సిరప్ ఎంత పట్టిందో చెబుతుంది గానీ అందులో మందు ఎంతుందో చెప్పదు. అది పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకదాని మీద ప్రతి 5 మి.లీ.కి 125 మి.గ్రా. అని, రెండోదాని మీద 250 మి.గ్రా. అని ఉంది.

మొన్న చలికాలంలో 20 కిలోల బరువున్న మూడో తరగతి తమ్ముడికి జ్వరం వస్తే, డాక్టరు గారు చీటీలో పూటకు 250 మి.గ్రా. అని రాశారు. మి.లీ. రాయలేదేమిటా అనుకున్నాము. సీసా మారితే మి.లీ. మారుతుంది, మి.గ్రా. మారదు! మొదటి సీసా ప్రకారం 250లో 125 రెండుసార్లు పోతుంది. అంటే రెండు 5లు, 10 మి.లీ.

మర్నాడు ఆ సీసా అయిపోయింది. రెండోది తీస్తుంటే, "నిన్నటిలాగే మూత నిండా పొయ్యండన్నా" అన్నాడు తమ్ముడు. తియ్యగా ఉంటుంది కదా మరి! కానీ ఇందులో 10 మి.లీ. అంటే 500 మి.గ్రా., సరిగ్గా రెట్టింపు. పూటపూటా అలాగే పడితే కాలేయం దెబ్బతింటుంది, మొదట్లో పైకి ఏమీ తెలియదు కూడా. అందుకని మూత మీది 5 గీత వరకే పోశాము. వాడు అలిగాడు.

చీటీలో వట్టి మి.లీ. మాత్రమే ఉంటే ఏ సీసాకని వార్డెన్ గారితో డాక్టరు గారిని అడిగిస్తున్నాము.