మిషను చప్పుడు ఒక ఫోన్‌లో, అమ్మ మాట ఒక ఫోన్‌లో

మా చిన్నమ్మ కూతురిది జనగామ. ఇంటర్ సెకండియర్. పోయిన చలికాలం ఓ శనివారం, ఎప్‌సెట్ పుస్తకాలు కొనుక్కుంటానని ఇంట్లో చెప్పి తార్నాకలో నా గదికి వచ్చింది. నేను ఉస్మానియాలో పీజీ చేస్తున్నా.

వచ్చీ రాగానే ఫోన్ నా చేతిలో పెట్టింది. క్లాసుల కోసం కొనిచ్చిన ఫోన్ అది. అందులో ఇరవై రెండు వీడియో ముక్కలున్నాయి. మూడు నిమిషాల షార్ట్ ఫిల్మ్ పోటీకి పంపాలట, మంగళవారం దాకే గడువట. "నాన్నకు తెల్వద్దక్కా, ఫోన్ గుంజుకుంటడు" అంది.

ఫిల్మ్ వాళ్లమ్మ గురించే. చిన్నమ్మ రాత్రి పొద్దుపోయేదాకా జాకెట్లు కుడుతుంది. కుడుతూ కుడుతూ, పదో తరగతితో తన చదువెట్లా ఆగిపోయిందో చెప్తుంది. చెల్లి ఫోన్‌ని మిషను బల్లకు ఎదురుగా డబ్బాకి ఆనించి తీసింది. చిన్నమ్మకి మాత్రం క్లాసు వీడియో చూస్తున్నానని చెప్పింది.

బొమ్మ బాగానే వచ్చింది. మాటే సగం వినపడటం లేదు. మిషను తిరిగితే గొంతు అడుగున పడిపోతుంది. ఆగితే ఫ్యాను హోరు పైకి లేస్తుంది. ఫోన్ ధ్వనిని తనంతట తానే సర్దుకుంటుంది కదా. పెద్ద చప్పుడు రాగానే మొత్తం తగ్గిస్తుంది, నిశ్శబ్దంలో మొత్తం పెంచుతుంది. ఒకసారి అట్లా కలిసిపోయాక ఎడిటింగ్ యాప్‌లో సౌండ్ ఎంత పెంచినా రెండూ కలిసే పెరుగుతాయి.

ఆదివారం పొద్దున క్యాంపస్‌కి వెళ్లి, ఆర్ట్స్ కాలేజీకి కాస్త దూరంగా ఓ చెట్టు కింద కూర్చున్నాం. పది అడుగుల దూరంలో ఫోన్ పెట్టి నేను నాలుగు మాటలు చదివాను. నా గొంతుతో పాటు పిట్టలు, బండ్లు, వాకింగ్‌కి వచ్చినవాళ్ల కబుర్లు అన్నీ పడ్డాయి. అదే ఫోన్ జానెడు దూరంలో పెడితే నా గొంతే ముందుకొచ్చింది. బొమ్మకి దూరం కావాలి, మాటకి దగ్గర కావాలి. ఒక్క ఫోన్ రెండు చోట్లా ఉండలేదు. 2015లో విడుదలైన 'టాంజరిన్' అనే అమెరికా సినిమాను ఐఫోన్ 5ఎస్‌తో తీశారు. వాళ్లు కూడా బొమ్మ వరకే ఫోన్‌తో తీసి, మాటల్ని వేరే మైకులతో రికార్డు చేశారు.

అంటే చిన్నమ్మ మిషను ఆపి మళ్లీ చెప్పాలి. చెప్పాలంటే ఆమెకి సంగతి తెలియాలి.

పోటీ ఫారంలో ఇంకో గడి కూడా ఉంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి తల్లిదండ్రుల సంతకం కావాలి. చెల్లికి పదిహేడు. "నువ్వు పెట్టక్కా, గార్డియన్ అని రాసి" అంది. నేను పెట్టలేదు. నేను దాని గార్డియన్‌ని కాను. పైగా ఫిల్మ్‌లో ఉన్నది చిన్నమ్మ ముఖం, చిన్నమ్మ చదువు. అడగకుండా అవి బయటికి పోకూడదు. తార్నాక బస్టాప్ దాకా నాతో మాట్లాడలేదు.

సోమవారం మధ్యాహ్నం చిన్నాయన పనికి పోయాక వాళ్లమ్మకి చూపించింది. చిన్నమ్మ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు చూసిందట. తిట్టలేదు. "ఇట్ల గాదు, అసలు సంగతి చెప్పనే లేదు. మళ్ల చెప్త" అందట.

బట్టల అల్మరా తలుపులు తెరిచి దానికెదురుగా కూర్చోబెట్టింది. బట్టలు గొంతు మారుమోగకుండా పీల్చుకుంటాయి. ఫ్యాను ఆపేసి, నోటికి జానెడు దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా కొంచెం పక్కకి చిన్నమ్మ ఫోన్ పెట్టింది. మిషను చప్పుడు తన ఫోన్‌లో విడిగా ఒక నిమిషం తీసుకుంది. కొత్త మాటలు పాత పెదవులకి కుదరవు కాబట్టి, మాట నడిచేచోట చేతులు, సూది, దారం ఉన్న ముక్కలు పెట్టింది. మిషను చప్పుడు మాట కింద సన్నగా ఉంచి, చిన్నమ్మ ఆగినచోట మాత్రం పెంచింది.

నాకు వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ మసకబారింది. డాక్యుమెంట్‌గా పంపమన్నాను. అప్పుడు విన్నాను, చిన్నమ్మ చెప్పని ఆ అసలు సంగతి. బడి మాన్పించింది వాళ్ల నాన్న కాదట. తమ్ముడి ఫీజు కోసం తనే మానేసిందట, ఎవరూ వద్దనలేదట.

మంగళవారం ఫారం మీద చిన్నమ్మ సంతకం పెట్టింది. ఫిల్మ్ ఎంపిక కాలేదు.

సంక్రాంతికి చిన్నాయనకి చిన్నమ్మే చూపించింది. మూడు నిమిషాలూ నిలబడే చూశాడు. ఏమీ అనలేదు. ఫోన్ తిరిగి చెల్లి చేతికే ఇచ్చాడు.