ఫ్రెంచి సినిమా, రెండు నిమిషాల లెక్క

రిటైరైన తర్వాత ఈ ఫ్రెంచి పిచ్చి ఏమిటని కొందరు అడిగారు. అబ్బాయి కుటుంబం ఫ్రాన్సులో తులూజులో ఉంది. ఆ దేశంలో 2019 నుంచి మూడేళ్లు నిండిన పిల్లలకే చదువు తప్పనిసరి. మనవడికి తెలుగు కంటే ఫ్రెంచే ముందు నోట్లోకి వస్తోంది. వాడితో నాలుగు మాటలు మాట్లాడాలని మేమిద్దరం కప్పగల్లులో ఇంట్లో కూర్చుని సినిమాలతో నేర్చుకుంటున్నాం.

మొదట మాటలు తక్కువగా ఉన్నదాన్ని పట్టుకున్నాం. 1956లో ఆల్బేర్ లమొరీస్ తీసిన 'ఎర్ర బెలూన్' 34 నిమిషాల సినిమా. పారిస్ వీధుల్లో ఒక పిల్లవాడి వెంట బెలూన్ తిరుగుతుంది, సంభాషణ దాదాపు లేదు. భాష రాకపోయినా కథ మొత్తం అర్థమవుతుంది. తర్వాత నేర్చుకునేవాళ్ల కోసమే తీసిన 'ఎక్స్‌ట్రా' అనే సీరియల్ చూశాం. పారిస్‌లో ఇద్దరమ్మాయిలు ఉండే ఇంటికి ఫ్రెంచి సరిగా రాని అమెరికా కుర్రాడు వస్తాడు. అతని కోసం అందరూ నిదానంగా మాట్లాడతారు, మనకూ అదే కావాలి. ఒమర్ సీ నటించిన 'లుపాన్' లాంటివి ఆ తర్వాతే.

పూర్తి ఎపిసోడ్‌ను పాఠంగా తీసుకుంటే తల తిరుగుతుంది. మేము రెండు నిమిషాల దృశ్యం ఒక్కటే తీసుకుంటాం. దాన్ని మూడుసార్లు చూస్తాం. మొదటిసారి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టి ఎవరు ఎవరితో ఏమంటున్నారో తెలుసుకుంటాం. రెండోసారి ఫ్రెంచి సబ్‌టైటిల్స్ పెట్టి, వాక్యం వాక్యానికి ఆపుతాం. అందులో రోజూ పనికొచ్చే మూడు వాక్యాలే నోటుబుక్కులో రాసుకుంటాం, మిగతావి వదిలేస్తాం. మూడోసారి అక్షరాలు తీసేసి వింటాం. రాసుకున్న మూడు వాక్యాలూ చెవికి తగిలితే ఆ రోజు పని అయిపోయినట్టే. తగలకపోతే రేపు మళ్లీ అదే దృశ్యం. మిగిలిన ఎపిసోడ్ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో హాయిగా చూస్తాం, అందులో పాఠం వెతకం.

ఒక జాగ్రత్త ఉంది. వేరే భాష సినిమాకు ఫ్రెంచి డబ్బింగ్ పెట్టుకుంటే, వినిపించేదీ కనిపించేదీ చాలాసార్లు కలవవు. డబ్బింగ్ మాటలు పెదాల కదలికకు సరిపడేలా ఒకరు రాస్తారు, సబ్‌టైటిల్స్ ఇంకొకరు విడిగా రాస్తారు. అందుకే అసలు ఫ్రెంచిలోనే తీసినవి ఎంచుకోవాలి. ఆడియో దగ్గర French [Original] అని ఉందా చూడండి. సబ్‌టైటిల్స్‌లో CC గుర్తు ఉన్నది మాటకు దగ్గరగా ఉంటుంది.

అసలు సినిమాలో కూడా రాతకూ నోటికీ తేడా ఉంటుంది. 'నాకు తెలీదు' అనడానికి పుస్తకంలో 'జ నె సే పా'. మనుషులు మాట్లాడేటప్పుడు మధ్యలో 'నె' పడిపోయి, మిగిలింది కలిసిపోయి 'షెపా' అవుతుంది. మనవడు ఫోనులో ఎప్పుడూ అనేది ఇదే. నిఘంటువు ఎంత తిరగేసినా దొరకలేదు. ఒక దృశ్యంలో పాత్ర భుజాలు ఎగరేసి ఆ మాట అంటుండగా, కింద పూర్తి వాక్యం కనబడినప్పుడు తెలిసింది. తమిళ మీడియంలో చదువుకున్నందువల్ల ఇది మాకు వింతగా తోచలేదు. బడి పుస్తకంలో 'తెరియవిల్లై' అని రాసి, వీధిలో 'తెరియల' అనేవాళ్లం. ఫ్రెంచివాళ్లదీ అదే వరస. సబ్‌టైటిల్‌లో ఉన్న చిన్న మాట చెవికి వినబడకపోతే చెవిని అనుమానించక్కర్లేదు, చాలాసార్లు అది నోట్లోనే పడిపోయి ఉంటుంది.

మన తెలుగు చెవికి ఒక లాభం కూడా ఉంది. ఫ్రెంచిలో 'తు' అంటే నువ్వు, 'వు' అంటే మీరు. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో రెండూ ఒకటే అయిపోతాయి. రెండోసారి చూసేటప్పుడు ఈ ఒక్కటి గమనించండి. ఆఫీసరుతో 'వు', స్నేహితుడితో 'తు'. 'వు' అంటున్న ఇద్దరు మధ్యలో 'తు'లోకి దిగారంటే వాళ్ల మధ్య ఏదో మారిందన్నమాట. వ్యాకరణం చదవకుండానే క్రియ చివర ఎలా మారుతుందో కూడా దీనితో కొంత పట్టుబడుతుంది.

ఈ పద్ధతితో రానిది ఒకటుంది: మాట్లాడటం. సినిమా మనకు బదులు చెప్పదు. అందుకే మూడోసారి చూసేటప్పుడు ఆ మూడు వాక్యాలూ పాత్రతో పాటు మేమూ పైకి అంటాం. తులూజు వైపు యాస పారిస్ కంటే వేరు, పదం చివర మింగేసే అచ్చును అక్కడ పలుకుతారు. అది మనవడి దగ్గరే నేర్చుకోవాలి. మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే సాయంత్రం ఆరింటికి ఇంటికి రండి. రెండు నిమిషాల దృశ్యం, తర్వాత కాఫీ.