బొమ్మలో వెలుతురు... ఇంట్లో వెలుతురు

పాత ఫ్లాటుకు మార్పులు చేయించాలనుకుంటే ఈ రోజుల్లో మేస్త్రీ కన్నా ముందు ఇంటికొచ్చేది త్రీడీ బొమ్మ. గోడ కూల్చితే హాలు ఎలా ఉంటుందో, కూల్చకపోతే ఎలా ఉంటుందో ముందే చూపిస్తుంది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని ‘ఇది విశాలంగా ఉంది, ఇదే ఖాయం’ అనేస్తే పని తేలికే. కానీ ఆ విశాలం గదిదా, బొమ్మదా? దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కుటుంబానికి ఆ తేడా తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది.

పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు వాళ్లది. హాలు వెడల్పు పదకొండు అడుగులు, పొడవు ఇరవై. తూర్పు చివర నాలుగడుగుల బాల్కనీ. పడమటి చివర వీధి గుమ్మం, భోజనాల బల్ల, ఆ పక్కనే వంటిల్లు. పగలు పదకొండు గంటలకు కూడా హాల్లో లైటు వేస్తేగానీ పేపరు చదవలేని పరిస్థితి. కొడుక్కీ కోడలికీ అది అలవాటైపోయింది. డెబ్బై ఆరేళ్ల మామగారికి మాత్రం చూపు మందగిస్తోంది. ఆయన రోజంతా గడిపేది ఆ హాల్లోనే.

ఇంటీరియర్ డిజైనర్ రెండు బొమ్మలు పంపింది. మొదటిదాంట్లో వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీసేసి గట్టు, ఎత్తు స్టూళ్లు పెట్టారు. రెండోదాంట్లో ఆ గోడ అలాగే ఉంది. బాల్కనీ వైపు పాత తలుపు, కిటికీ తీసేసి ఎనిమిది అడుగుల వెడల్పున అద్దాల స్లైడింగ్ తలుపులు పెట్టారు. గోడ పొడవునా ఉన్న ముదురు రంగు షోకేసు కూడా పోయింది.

మొదటి బొమ్మ చూడగానే అందరి మొహాలూ వెలిగాయి. హాలు కల్యాణ మండపంలా ఉంది. నేల మీద బంగారు రంగు ఎండ ఏటవాలుగా పడుతోంది. రెండోది సాయంత్రం లైట్ల వెలుగులో, ముదురు సోఫాతో ఇరుగ్గా కనిపించింది. ‘ఇంకేముంది, గోడ తీయించేద్దాం’ అన్నాడు కొడుకు. మామగారు మాత్రం కళ్లజోడు సర్దుకుని, ‘అమ్మాయ్, ఇందులో మన సోఫా ఎక్కడుందే?’ అనడిగారు.

కోడలు బొమ్మలోని టైల్స్ లెక్కపెట్టింది. వాళ్లింట్లో వేయబోయేవి రెండడుగుల పలకలు. బొమ్మలో సోఫా పొడవు రెండున్నర పలకలు, అంటే అయిదడుగులు. ఇంట్లో ఉన్న ముగ్గురు కూర్చునే సోఫా దాదాపు ఏడడుగులు! గది వెడల్పు అయిదున్నర పలకలు రావాల్సింది ఏడు వచ్చాయి. ఒక్కోసారి బొమ్మలో పలక కొలతే తప్పుగా వేస్తారు. అందుకని ఆమె తలుపుతోనూ సరిచూసింది. మూడడుగుల తలుపు పక్కన పెట్టి చూసినా సోఫా చిన్నదే.

కెమెరా సంగతి మరొకటి. త్రీడీ బొమ్మకు కెమెరా గదిలోనే ఉండాలన్న నియమం లేదు. అడ్డొచ్చిన గోడను మాయం చేసి దాని అవతల నుంచి చూపించొచ్చు. మొదటి బొమ్మలో మూడు గోడలూ, సగం పైకప్పూ, సగం నేలా ఒకేసారి కనిపించాయి. అలా కనిపించాలంటే చూసే మనిషి మెట్ల దగ్గర, గోడ బయట నిలబడాలి. పైగా చాలా వెడల్పు చూపే లెన్సు పెట్టారు. బొమ్మ అంచున ఉన్న గుండ్రటి పూలకుండీ కోడిగుడ్డులా సాగిపోవడమే దానికి గుర్తు. అలాంటి లెన్సు ఎదుటి గోడను దూరం జరుపుతుంది, దగ్గరి నేలను పెంచుతుంది. మన కన్ను అలా చూడదు.

ఇక ఆ ఎండ! ఎదుటి అపార్ట్‌మెంట్ బాల్కనీ అంచుకు పదిహేను అడుగుల దూరంలో ఉంది. వీళ్ల కన్నా ఒక అంతస్తు ఎత్తు. పొద్దుటి సూర్యుడు ఆ భవనం దాటి పైకొస్తేగానీ ఇటు ఎండ రాదు. వచ్చేసరికి సూర్యుడు బాగా పైకి వెళ్తాడు కాబట్టి వీళ్ల బాల్కనీ పైకప్పే అడ్డం. గుమ్మం దగ్గర రెండు మూడడుగుల మేర ఎండ పడితే గొప్ప. బొమ్మలో ఎదుటి భవనమే లేదు. వంటింటి కిటికీలో నీలాకాశం కనిపిస్తోంది. నిజానికి అది తెరుచుకునేది పైపులు దిగే డక్టులోకి.

కోడలు డిజైనర్‌కి ఫోన్ చేసి ఒకటే కోరింది. రెండు బొమ్మలకూ ఒకటే కొలబద్ద ఉండాలి. వీధి గుమ్మంలో నిలబడ్డ మనిషి కంటి ఎత్తున, అంటే అయిదడుగుల దగ్గర కెమెరా. అదే లెన్సు. ఇంట్లో ఉన్న సోఫా, బల్ల అసలు కొలతల్లో. ఉదయం పది గంటలు, లైట్లన్నీ ఆర్పేసి. ఎదుటి భవనం, డక్టు గోడ ఉన్నవి ఉన్నట్టు. ‘బొమ్మలు అందంగా రావండీ’ అందా అమ్మాయి. ‘ఫర్వాలేదమ్మా, ఇల్లు బాగుంటే చాలు’ అంది కోడలు.

ఈసారి కథ మారింది. గోడ తీసిన బొమ్మలో హాలు పక్కన మరో చీకటి గది చేరినట్టుంది. చూపు కాస్త దూరం పోతోందిగానీ ఆ దూరంలో వెలుతురు లేదు. రెండో బొమ్మలో హాలు ముందు సగం తేటపడింది. వెనక సగం మాత్రం అలాగే ఉంది.

దీనికి కారణం ఉంది. కిటికీ వెడల్పు పెరిగితే వచ్చే వెలుతురు పెరుగుతుంది. అది లోపలికి ఎంత దూరం పోతుందన్నది కిటికీ ఎత్తును బట్టి ఉంటుంది. మామూలు లెక్కలో కిటికీ పై అంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే పనికొచ్చే వెలుతురు. తలుపు ఎత్తు ఏడడుగులైతే పద్నాలుగు నుంచి పదిహేడు అడుగులు. పైకప్పున్న బాల్కనీ నాలుగడుగులు అందులోంచి తీసేయాలి. అంటే హాల్లోకి పది నుంచి పదమూడు అడుగులు. భోజనాల బల్ల దాని అవతలే. ఏ బొమ్మ ఎంచుకున్నా అక్కడ లైటు వేయాల్సిందే.

బొమ్మ చెప్పలేని రెండు విషయాలు వాళ్లు ఇంట్లోనే చూసుకున్నారు. గట్టు, స్టూళ్లు వచ్చే చోట నేల మీద అదే కొలతలో పాత పేపర్లు పరిచి రెండు రోజులు తొక్కకుండా తిరిగారు. భోజనాల కుర్చీ వెనక్కి జరిపితే మనిషి నడిచే దారే మిగల్లేదు. తర్వాత షోకేసు మీద తెల్ల దుప్పటి కప్పారు. తెలుపు తన మీద పడ్డ వెలుతురులో దాదాపు పదింట ఎనిమిది వంతులు తిప్పి పంపుతుంది, ముదురు చెక్క ఒకటీ రెండు వంతులకు మించి పంపదు. ‘ఇదేదో బానే ఉందే’ అంటూ మామగారు లైటు ఆర్పి పేపరు పట్టుకున్నారు. పెద్దక్షరాలు చదివారు, చిన్నవి చదవలేకపోయారు.

చివరికి రెండో బొమ్మే గెలిచింది, చిన్న మార్పుతో. వంటింటి గోడలో వడ్డనకు మూడడుగుల కిటికీ పెట్టించారు. ఆ గోడలో పిల్లర్లూ దూలాలూ ఏవీ పోవడం లేదని ఇంజినీరు వచ్చి చూశాకే మేస్త్రీ సుత్తి పట్టాడు. మామగారి కుర్చీ బాల్కనీకి ఆరడుగుల్లోకి వచ్చింది. ఇప్పుడాయన లైటు వేయకుండానే సంపాదకీయం దాకా చదువుతున్నారు.

బొమ్మలో ఉన్నంత వెలుతురు మాత్రం రాలేదు. అందులో దోమల మెష్ లేదు మరి. బాల్కనీలో ఆరేసిన బట్టలూ లేవు. బట్టల తీగను పక్క గోడ వైపు జరిపాక ఆ లోటు కొంత తీరింది. మెష్ మాత్రం తప్పలేదు. హైదరాబాద్ దోమలకు త్రీడీ బొమ్మలతో పనిలేదు కదా!